ఫోటో అంచులోకి నడిచొచ్చిన మనిషి: ఫిల్, క్లోన్‌తో తీసేసిన ఒక కేసు

సముద్రం ఒడ్డున నడకదారి. రెయిలింగ్‌కి నాలుగడుగులు ఇవతల ఒక జంట నిలబడి ఉంది. ఆమె ఏదో అంటోంది, అతను నవ్వు ఆపుకోలేక తల వంచాడు. గాలికి ఆమె జుట్టు కుడివైపు లేచింది. సాయంత్రపు ఎండ కుడి పక్క నుంచి ఇద్దరి మీదా చక్కగా పడుతోంది. ఇంత మంచి ఫోటోలో కుడి అంచు నుంచి తెల్ల చొక్కా మనిషి ఒకాయన లోపలికి అడుగు పెడుతున్నాడు. సగం ఒళ్లు ఫ్రేమ్ బయటే ఉంది. ఒక చేయి, ముందుకు వేసిన కాలు, ముఖంలో సగం మాత్రం లోపలికి వచ్చాయి. ఒక్కసారి ఆయన్ని చూశామంటే చూపు మళ్లీ జంట మీద నిలవదు.

ఫోటో నాకు పంపినావిడ ఒకే మాట అడిగారు. "ఆయన్ని తీసేయగలరా అండీ? మా ఇద్దర్నీ మాత్రం ముట్టుకోవద్దు. ఆ జుట్టు కూడా అలాగే ఉండాలి." ఆ రెండో మాటే ఈ పనిలో సగం కష్టానికి కారణమైంది. ఆవిడ జుట్టు కొసలు సరిగ్గా ఆ తెల్ల చొక్కా మీదుగానే ఎగురుతున్నాయి.

ఇలాంటి ఫోటో వచ్చినప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న, అదే చోట, అదే నిమిషంలో తీసిన ఇంకో ఫోటో ఉందా అని. రెండు సెకన్ల తర్వాత తీసినది దొరికినా చాలు. ఆ మనిషి అప్పటికి ఇంకో చోటికి వెళ్లిపోయి ఉంటాడు, ఆయన వెనక నిజంగా ఏముందో ఆ ఫోటోలో కనిపిస్తుంది. రెండింటినీ ఫోటోషాప్‌లో లేయర్లుగా పెట్టి Edit > Auto-Align Layers ఇచ్చి, మాస్క్‌తో ఆ భాగం తెచ్చుకుంటే పావుగంటలో పని అయిపోతుంది. ఊహించి కట్టినది ఎంత బాగా వచ్చినా నిజమైన పిక్సెల్స్‌కి సాటి రాదు. ఇక్కడ మాత్రం ఆ అవకాశం లేకపోయింది. మిగతా ఫోటోల్లో ఎవరో ఒకరి కళ్లు మూసి ఉన్నాయని వాటిని అప్పుడే డిలీట్ చేసేశారు. అదృష్టవశాత్తూ ఈ ఒక్కదానికీ రా ఫైల్ మిగిలింది.

రెండో ప్రశ్న, క్రాప్ చేస్తే సరిపోతుందా అని. అంచులో ఉన్న మనిషికి చాలాసార్లు అదే సరైన మందు. ఈ ఫోటో 6000 పిక్సెల్స్ వెడల్పు, 4000 ఎత్తు. ఆయన కుడి చివర సుమారు 850 పిక్సెల్స్ ఆక్రమించాడు, అంటే 5150 దగ్గర మొదలై అంచు దాకా. ఆవిడ మోచేయి 4900 దగ్గర ముగుస్తుంది, జుట్టు కొసలు 5200 దాటాయి. 5100 దగ్గర కోస్తే జుట్టు తెగుతుంది, మోచేయి అంచుకి అతుక్కుపోయినట్టు ఉంటుంది. పైగా వాళ్లకి ప్రింట్ అదే నిష్పత్తిలో కావాలి. వెడల్పు 5100 అయితే ఎత్తు 3400కి తగ్గాలి, అంటే తలల పైన ఆకాశమో, కాళ్ల కింద నేలో 600 పిక్సెల్స్ పోతుంది. కాబట్టి క్రాప్ కుదరదు, మనిషిని తీసి ఆయన వెనక ఉన్నదాన్ని కట్టాల్సిందే.

రా ఫైల్ తెరిచినప్పుడే లెన్స్ ప్రొఫైల్ కరెక్షన్ ఆన్ చేశాను. అంచులో పని ఉన్నప్పుడు ఈ పని చివరికి వదిలేయకూడదు. లెన్స్ వల్ల ఫోటో అంచులు మధ్యభాగం కంటే కొంచెం చీకటిగా ఉంటాయి, తిన్నని గీతలు అంచు దగ్గర కొద్దిగా వంగుతాయి. సరిదిద్దకుండా మధ్యలోంచి ముక్క తెచ్చి అంచులో అతికిస్తే అది వెలుగుగా కనిపిస్తుంది, రెయిలింగ్ పైపు వంపు కూడా కలవదు. ముందే సరిదిద్దితే ఎక్కడి ముక్క అయినా దాదాపు ఎక్కడికైనా సరిపోతుంది. ఆకాశంలో రంగు మెల్లగా మారుతోంది కాబట్టి ఫైల్‌ని 16 బిట్‌లో తెరిచాను. 8 బిట్‌లో నాలుగైదు సవరణలు అయ్యేసరికి అలాంటి ఆకాశంలో మెట్లు మెట్లుగా చారలు పడొచ్చు.

ఒకే దెబ్బకి ఫిల్ చేస్తే ఏమైంది

ముందు నేనూ తేలిక దారే చూశాను. మనిషి చుట్టూ లాసోతో గీసి, సెలెక్షన్‌ని 12 పిక్సెల్స్ పెంచి, Edit > Content-Aware Fill తెరిచి, అన్నీ దాని ఇష్టానికే వదిలేశాను. దూరం నుంచి చూస్తే మనిషి మాయమయ్యాడు. దగ్గరికి వెళ్తే నాలుగు తప్పులు కనిపించాయి. దిగంత రేఖ ఆయన ఉన్న చోట మెట్టులా పది పిక్సెల్స్ దిగిపోయింది. రెయిలింగ్ పై పైపు రెండు చోట్ల విరిగి, మధ్యలో కింది పైపుతో కలిసిపోయింది. సముద్రం మధ్యలో ఆవిడ మోచేతి రంగు ముక్క ఒకటి తేలుతోంది. జుట్టు కొసలైతే సెలెక్షన్ గీత దగ్గర కత్తెర పెట్టినట్టు తెగాయి.

ఇందులో సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు. ఈ ఫిల్ వెనక ఉన్నది చిన్న చిన్న ముక్కల్ని పోల్చి చూసే పద్ధతి. 2009లో ప్యాచ్‌మ్యాచ్ అనే పేరుతో వచ్చిన పరిశోధన, మరుసటి ఏడాదే ఫోటోషాప్ CS5లో ఈ ఫిల్‌గా కనిపించింది. ఖాళీ అంచున ఏముందో చూసి, దానికి దగ్గరగా ఉండే ముక్కల్ని ఫోటోలో మిగతా చోట్ల వెతికి తెచ్చి అతుకుతుంది. ఇది పైపు, ఇది తిన్నగా సాగాలి అనే సంగతి దానికి తెలియదు. ఫోటో మధ్యలో ఖాళీ ఉంటే నాలుగు వైపుల నుంచీ ఆధారం దొరుకుతుంది. ఎడమ నుంచి వచ్చిన పైపు కుడివైపు ఎక్కడ తేలాలో అక్కడి పిక్సెల్స్ చెబుతాయి. అంచులో ఖాళీ అయితే కుడివైపు ఏమీ లేదు, గీతకి చేరాల్సిన గమ్యమే లేదు. అంచులో మనిషిని తీయడం తేలిక అనుకుంటాం గానీ, వెనక గీతలు ఉన్నప్పుడు అదే కష్టం.

అందుకే వరస తిరగేశాను. గీతలన్నీ ముందు నా చేత్తో క్లోన్ చేసి కట్టాలి. గీతల మధ్య మిగిలిన గీతల్లేని ప్రదేశాల్నే ఫిల్‌కి ఇవ్వాలి. ఆ మనిషి వెనక పై నుంచి కిందికి ఉన్నవి ఆకాశం, దిగంత రేఖ, సముద్రం, రెయిలింగ్, టైల్స్ నేల. వీటికి తోడు నేల మీద ఆయన నీడ, చొక్కా మీద ఆవిడ జుట్టు. ఒక్కోదానికి వేరే లేయర్ పెట్టుకున్నాను.

దిగంత రేఖ, ఆకాశం

దిగంత రేఖకి క్లోన్ బ్రష్ కూడా వాడలేదు. జంటకి ఎడమవైపు ఖాళీగా ఉన్న చోట, ఆ రేఖకి పైనా కిందా 40 పిక్సెల్స్ చొప్పున పొడవాటి పట్టీ సెలెక్ట్ చేసి, Ctrl+J తో కొత్త లేయర్‌గా తీసి, Shift నొక్కి పట్టుకుని అడ్డంగా కుడికి జరిపాను. Shift ఉంటే పైకీ కిందికీ జరగదు కాబట్టి రేఖ ఒక్క పిక్సెల్ కూడా తప్పదు. రా ఫైల్‌లోనే రేఖని సమంగా సరిచేసుకుని ఉన్నాను కాబట్టే ఇది కుదిరింది. సూర్యుడు కుడివైపు ఉన్నందువల్ల అటు ఆకాశం వెలుగు ఎక్కువ, తెచ్చిన పట్టీ కాస్త మసకగా కనిపించింది. ఆ లేయర్‌కే పరిమితమైన కర్వ్స్ ఒకటి వేసి, అంచు వైపు ఎక్కువ, ఇటు తక్కువ పడేలా మాస్క్‌లో గ్రేడియంట్ ఇచ్చాను.

ఆకాశానికి ఫిల్ చక్కగా సరిపోతుంది. ఒక్క జాగ్రత్త చాలు. Content-Aware Fill లో Sampling Area ని Custom కి మార్చి, ఆకుపచ్చ పూత కుడివైపు ఆకాశం మీద మాత్రమే పడేలా బ్రష్ చేశాను. అలా చేస్తే తలలూ భుజాలూ దానికి అందవు. Color Adaptation ని High లో, Rotation Adaptation ని None లో పెట్టి, Output To దగ్గర New Layer ఎంచుకున్నాను. ఐదు నిమిషాల్లో ఆకాశం అయిపోయింది.

రెయిలింగ్: కనిపించని స్తంభం ఎక్కడుంది?

ఈ కేసులో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇది. రెయిలింగ్‌కి అడ్డంగా మూడు పైపులు, నిలువుగా సమాన దూరంలో స్తంభాలు ఉన్నాయి. రెయిలింగ్ కెమెరాకి సరిగ్గా ఎదురుగా లేదు, కుడి చివర కాస్త దగ్గరగా వస్తోంది. అందుకే కుడికి వెళ్లేకొద్దీ స్తంభాలు ఎత్తుగా, వాటి మధ్య దూరం ఎక్కువగా కనిపిస్తాయి. ఎడమవైపు ఐదు స్తంభాలు స్పష్టంగా ఉన్నాయి. ఆరోదీ ఏడోదీ జంట వెనక దాక్కున్నాయి. మరి ఆ మనిషి వెనక స్తంభం ఉందా, లేదా? ఉంటే ఎక్కడ?

ఊహ మీద వదిలేయకుండా రూలర్ టూల్‌తో కొలిచాను. మొదటి స్తంభం 250 పిక్సెల్స్ దగ్గర ఉంది. అక్కడి నుంచి ఒకదానికీ ఇంకోదానికీ దూరం 600, 638, 681, 727. పెరుగుదల 38, 43, 46. అంటే పెరిగేది కూడా మెల్లగా పెరుగుతోంది, పర్‌స్పెక్టివ్‌లో అలాగే జరగాలి. ఆ వరసలో తర్వాతి దూరాలు సుమారు 778, 835, 898 రావాలి. కూడుకుంటూ వెళ్తే ఎనిమిదో స్తంభం 5407 దగ్గర పడుతుంది, సరిగ్గా ఆ మనిషి నడుము వెనక. తొమ్మిదోది ఫ్రేమ్ బయటికి పోతుంది. అంటే కట్టాల్సింది ఒకే ఒక్క స్తంభం.

ఎత్తుకీ ఇదే లెక్క. మొదటి స్తంభం 700 పిక్సెల్స్ ఎత్తు, ఐదోది 795. ఒక్కోటి మూడు నుంచి నాలుగు శాతం చొప్పున పెరుగుతూ వస్తే ఎనిమిదోది 886 దగ్గర ఉండాలి. దీన్ని సరిచూసుకోవడానికి ఒక ఆధారం దొరికింది. ఆవిడ మోచేతికీ ఆ మనిషికీ మధ్య 250 పిక్సెల్స్ ఖాళీలో మూడు పైపులూ కనిపిస్తున్నాయి. అక్కడ నేల నుంచి పై పైపు దాకా కొలిస్తే 870కి దగ్గరగా వచ్చింది. ఏడో, ఎనిమిదో స్తంభాల ఎత్తుల మధ్య ఉండాల్సిన అంకె అదే. లెక్క నిలిచిందని అప్పుడు ధైర్యం వచ్చింది.

పైపుల్ని ఆ 250 పిక్సెల్స్ ఖాళీ నుంచే తెచ్చాను. ఎడమవైపు పైపులు ఇంకా పొడవుగా దొరుకుతాయి గానీ, దూరంగా ఉన్నవి కాబట్టి సన్నగా ఉంటాయి. కొత్త లేయర్ మీద క్లోన్ స్టాంప్ తీసుకుని, Sample దగ్గర Current & Below పెట్టి, పైపు పై అంచు మీద Alt నొక్కి క్లిక్ చేశాను. పైపు ఆగిపోయిన చోట అదే అంచు మీద మొదటి క్లిక్, పైపు వాలు వెంట కాస్త దూరంలో Shift పట్టుకుని రెండో క్లిక్. అప్పుడు బ్రష్ రెండు చుక్కల మధ్య తిన్నగా సాగుతుంది. చేత్తో లాగితే వణుకు పడుతుంది, ఇలా అయితే పడదు. ఒక్కో పైపుకి నాలుగు విడతలు పట్టింది. దగ్గరికి వచ్చేకొద్దీ పైపు లావెక్కాలి కాబట్టి Clone Source ప్యానెల్‌లో ప్రతి విడతకీ W, H ని 101 శాతం చేసుకున్నాను.

స్తంభానికి ఐదోదాన్ని మూలంగా తీసుకుని 111 శాతానికి పెంచి, 5407 దగ్గర నిలబెట్టాను. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. కుడివైపు వస్తువు కాబట్టి ఎడమదాన్ని అద్దంలోలా తిప్పి పెట్టేస్తారు. ఎండ కుడి నుంచి వస్తోంది, ప్రతి స్తంభానికీ కుడి అంచే మెరుస్తోంది. తిప్పితే ఒక్క స్తంభానికి ఎండ ఎడమ నుంచి పడుతుంది. చూసేవాళ్లు కారణం చెప్పలేరు గానీ, ఏదో తేడాగా ఉందని మాత్రం అంటారు. ఫిల్‌లో కూడా Mirror టిక్ ఈ కారణంతోనే తీసేస్తాను.

పైపులు నిలబడ్డాక వాటి మధ్య సముద్రం సులువైపోయింది. ప్రతి సందునీ వేరుగా సెలెక్ట్ చేసి, శాంపిల్‌ని అదే ఎత్తులో ఉన్న ఎడమవైపు సందులకే పరిమితం చేసి ఫిల్ ఇచ్చాను. దిగంత రేఖ దగ్గర అలలు సన్నగా, కిందికి వచ్చేకొద్దీ పెద్దగా ఉంటాయి. ఎత్తు మారిస్తే చిన్న అలల మధ్య పెద్ద అల కూర్చుంటుంది. అడ్డంగా వెళ్తే ఎప్పుడూ క్షేమం. కెమెరా సమంగా ఉన్నప్పుడు చదునైన నీటి మీదైనా నేల మీదైనా ఒకే ఎత్తులో కనిపించేవి కెమెరాకి ఒకే లోతులో ఉంటాయి. అందుకే వాటి పరిమాణం, ఫోకస్ మసక రెండూ కలుస్తాయి.

జుట్టు

జుట్టు కొసలు నల్లనివి. వాటి వెనక తెల్ల చొక్కా. చొక్కా పోయి నీలి బూడిద రంగు సముద్రం రావాలి. చొక్కా కంటే సముద్రం చీకటి, సముద్రం కంటే జుట్టు చీకటి. ఈ వరస దొరికితే జుట్టు చుట్టూ సెలెక్షన్ గీయక్కర్లేదు. కొత్త లేయర్ తీసి, దాని బ్లెండ్ మోడ్‌ని Darken చేసి, ఆ లేయర్ మీద సముద్రాన్ని జుట్టు మీదుగానే క్లోన్ చేశాను. Darken లో ఏది చీకటిగా ఉంటే అదే నిలుస్తుంది. చొక్కా ఉన్న చోట సముద్రం గెలిచింది, వెంట్రుక ఉన్న చోట వెంట్రుకే నిలిచింది. వెంట్రుక అంచులో సగం తెలుపు కలిసిన పిక్సెల్స్ కూడా చాలావరకు సర్దుకున్నాయి.

మోడ్‌ని బ్రష్‌కి కాకుండా లేయర్‌కి పెట్టాలి. ఖాళీ లేయర్ మీద బ్రష్ మోడ్ Darken లో పెట్టి క్లోన్ చేస్తే, అది ఆ లేయర్‌లో ఉన్న పిక్సెల్స్‌తోనే పోల్చుకుంటుంది. అక్కడ ఏమీ లేదు కాబట్టి మామూలు క్లోన్‌లాగే జుట్టుని కప్పేస్తుంది. మొదటిసారి ఈ చిట్కా పనిచేయలేదని చెప్పేవాళ్లలో చాలామంది దగ్గర జరిగేది ఇదే.

రెండు చోట్ల మాత్రం ఈ పద్ధతి లొంగలేదు. చొక్కా మోచేతి కింద మడతలో నీడ ఉంది, ఆ మడత సముద్రం కంటే చీకటి. అందుకని Darken లో అది అలాగే మిగిలి, నీళ్లలో బూడిద రంగు చారలా కనిపించింది. దాని మీద మామూలు లేయర్‌తో, 8 పిక్సెల్స్ బ్రష్ పెట్టి, వెంట్రుకల మధ్య సందుల్లో ఓపికగా క్లోన్ చేశాను. రెండోది ఎండ తగిలి మెరిసిన నాలుగు వెంట్రుకలు. అవి సముద్రం కంటే వెలుగు, కాబట్టి చొక్కాతో పాటే మాయమయ్యాయి. అసలు ఫోటో పక్కన పెట్టుకుని, వాటి రంగు తీసుకుని, 3 పిక్సెల్స్ బ్రష్‌తో, కొస వైపు సన్నబడేలా, ఉన్న దారి వెంటే తిరిగి గీశాను. కొత్త వెంట్రుక ఒక్కటి కూడా కలపలేదు. ఆవిడ అడిగింది అదే జుట్టు.

నేల, నీడ

టైల్స్ నేలకి Filter > Vanishing Point వాడాను. ఖాళీ లేయర్ ఎంచుకుని ఆ ఫిల్టర్ తెరిచి, స్పష్టంగా కనిపించే టైల్స్ మూలల మీద నాలుగు చుక్కలు పెడితే నేలకి గ్రిడ్ ఏర్పడుతుంది. దాన్ని కుడి అంచు దాకా లాగి, అందులోని స్టాంప్ టూల్‌తో క్లోన్ చేస్తే టైల్ దగ్గరికి వచ్చేకొద్దీ తనంతట తనే పెద్దదవుతుంది. టైల్స్ మధ్య గీతలు రెండు దిక్కుల్లో కలవాలి కాబట్టి, రెండు గీతలు కలిసే మూల మీదే శాంపిల్ తీసుకుని, ఇంకో మూల మీదే మొదటి క్లిక్ పెట్టాను. ఒక మూల సరిగ్గా కలిస్తే మిగతావి వాటంతటవే కలుస్తాయి.

నీడ సంగతి వేరు. ఆయన నీడ నేల మీద ఎడమకి సాగి, ఆవిడ మడమకి ఒక టైల్ ఇవతల ఆగింది. మనిషిని తీసి నీడని వదిలేసిన ఫోటోలు చాలా చూశాను. అందులో లేనివాడి నీడ మాత్రం కనిపిస్తూ ఉంటుంది. అలాగని నీడ మీద కూడా ఫిల్ ఇవ్వనక్కర్లేదు. నీడ కింద అసలైన నేల ఉంది, మసకబారింది అంతే. నీడ ఆకారంలో మాస్క్ చేసుకుని కర్వ్స్‌తో వెలుగు పెంచాను. ఎండలో ఉన్న నేల పసుపు వైపు, ఆకాశపు వెలుగు మాత్రమే తగిలే నీడ నీలి వైపు ఉంటాయి. కాబట్టి అదే కర్వ్స్‌లో నీలం చానెల్‌ని కాస్త దించి, ఎరుపుని కాస్త పెంచాను. టైల్స్ మీద గీతలు, గరుకుదనం అన్నీ నిజమైనవే మిగిలాయి.

ఇబ్బంది నీడ అంచులోనే వచ్చింది. పాదం దగ్గర నీడ అంచు పదునుగా, తల భాగం నీడ దగ్గర మెత్తగా ఉంటుంది. మొత్తానికీ ఒకే మెత్తని మాస్క్ పెడితే పాదం దగ్గర నల్ల గీత, దాని బయట తెల్ల గీత మిగులుతాయి. మాస్క్‌ని పాదం వైపు పదునుగా, చివర మెత్తగా చేశాక కూడా సన్నని గీత ఒకటి మిగిలింది. దాన్ని చిన్న క్లోన్ బ్రష్‌తో పక్క నేలనే తెచ్చి కప్పాను. ఇక్కడ హీలింగ్ బ్రష్ వాడలేదు. అది చుట్టూ ఉన్న వెలుగుతో కలుపుకుంటుంది కాబట్టి, పక్కనే ఆవిడ చెప్పు ఉంటే దాని రంగు నేలలోకి పులుముకుంటుంది. రెండు వేర్వేరు వస్తువులు కలిసే చోట క్లోనే నయం.

నునుపు పట్టీలు, రెండు మచ్చలు

అంతా అయ్యాక ఫోటోని 200 శాతానికి పెంచి చూస్తే, సముద్రంలో క్లోన్ చేసిన ముక్కల సరిహద్దుల్లో నునుపైన పట్టీలు కనిపించాయి. ఫోటో ISO 800లో తీసింది, అంతటా సన్నటి గ్రెయిన్ ఉంది. మెత్తటి బ్రష్ అంచులో పాత పిక్సెల్, కొత్త పిక్సెల్ సగం సగం కలుస్తాయి. సంబంధం లేని రెండు గ్రెయిన్లు అలా కలిస్తే ఆ గరుకు సుమారు 70 శాతానికి పడిపోతుంది. బ్రష్ ఎంత మెత్తగా ఉంటే ఆ నునుపు పట్టీ అంత వెడల్పు అవుతుంది. క్లోన్‌కి Hardness సున్నా పెట్టుకోవడం మంచి అలవాటు కాదని నేను అనేది ఇందుకే. సముద్రం మీద 60 శాతం పెట్టుకుని ఆ సరిహద్దులు మళ్లీ నడిచాను, పట్టీలు పోయాయి. పాత ఫోటోల్లో ఇలాంటివి ఎక్కడున్నాయో తెలియకపోతే, పైన తాత్కాలికంగా ఒక కర్వ్స్ లేయర్ వేసి, గీతని రెండు మూడు సార్లు పైకీ కిందికీ మెలి తిప్పండి. మామూలు చూపుకి దొరకని అతుకులు రంగురంగుల పలకల్లా బయటపడతాయి.

చూడమని పంపాను. పది నిమిషాల్లో ఆవిడ నుంచి ఫోన్ వచ్చింది. "చాలా బాగుందండీ. కానీ కింద టైల్ మీద నల్ల మచ్చ ఒకటుంది కదా, అది రెండుసార్లు ఉన్నట్టుంది."

నిజమే. టైల్ మూల విరిగి, దాని పక్కనే నీళ్ల చుక్క ఆకారంలో నల్ల మరక. క్లోన్ చేసినప్పుడు మరకతో సహా వచ్చి, రెండు టైల్స్ అవతల అచ్చంగా అదే ఆకారం, అదే వంపుతో కూర్చుంది. గీతలు కలిశాయా లేదా అని చూస్తూ మచ్చల సంగతి నేను గమనించలేదు. ఒకే రకం టైల్స్ పదిసార్లు కనిపించినా ఎవరికీ అనుమానం రాదు, ఒకే మచ్చ రెండోసారి కనిపిస్తే వెంటనే వస్తుంది. కొత్తగా కట్టిన చోట ఉన్నదాన్ని తీసేసి, అసలు మచ్చని అలాగే ఉంచాను. అప్పటి నుంచి పని అయ్యాక ఫోటోని అద్దంలోలా తిప్పి ఒకసారి, 25 శాతానికి తగ్గించి ఒకసారి చూస్తున్నాను. అలవాటుపడ్డ కంటికి అందనివి అప్పుడు అందుతాయి.

చివరి తప్పు ప్రింట్‌లో బయటపడింది. పరీక్షకి చిన్న సైజులో, చుట్టూ తెల్ల మార్జిన్ లేకుండా నల్ల అట్ట మీద పెట్టి చూస్తే, కుడి అంచు వెంట నడుము ఎత్తులో వెంట్రుక మందం తెల్ల గీత. అది ఆ చొక్కాయే. సెలెక్షన్‌కి Feather ఇచ్చినప్పుడు ఆ డైలాగ్‌లో Apply effect at canvas bounds అనే టిక్ ఆన్‌లో ఉండిపోయింది. అది ఆన్‌లో ఉంటే ఫోటో అంచు దగ్గర కూడా సెలెక్షన్ మెత్తబడుతుంది, చివరి రెండు మూడు పిక్సెల్స్‌లో పాతది సగం మిగిలిపోతుంది. ఫోటో మధ్యలో పనిచేసినప్పుడు ఈ టిక్ ఎలా ఉన్నా తేడా తెలియదు. స్క్రీన్ మీద కూడా కనిపించలేదు, ఎందుకంటే నా ఫోటోషాప్‌లో చుట్టూ ఉన్న రంగు లేత బూడిద, తెల్ల గీత అందులో కలిసిపోయింది. టిక్ తీసేసి, అంచు వెంట 6 పిక్సెల్స్ వెడల్పున సముద్రాన్నీ పైపుల్నీ మళ్లీ క్లోన్ చేసి, కాన్వాస్ చుట్టూ రంగుని నలుపుకి మార్చి పై నుంచి కింది దాకా చూసుకున్నాను. గీత లేదు. ఆ ఫైల్‌నే పెద్ద ప్రింట్‌కి పంపాను.